వియ్యమందిన ఐసు

కోడూరులో అబ్బులు గారి ఐసు ప్లాంటు కంప్రెసర్ విరిగిన సంగతి బందరులో శోభనాద్రి గారి రొయ్యల ఫ్యాక్టరీకి తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఫోన్లు లేక కాదు. చెడ్డ కబురు ఫోన్లో చెప్పడం మర్యాద కాదని అబ్బులు గారి నమ్మకం. మనిషి ఎదురుగా కూర్చుని, టీ తాగించి, "దేవుడు పరీక్షిస్తాడండీ" అని మొదలుపెట్టి చెప్పాలి. అందుకని ఫోన్ చేసినప్పుడల్లా "చిన్న ట్రబులండీ, రేపొద్దున్నకల్లా వచ్చేస్తది" అన్నాడు. వచ్చేది ఐసో, కరెంటో, మెకానిక్కో చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

మూడో రోజు దివిసీమ నుంచి వచ్చిన రొయ్యల లోడులో ఐసు కంటే నీళ్లు ఎక్కువున్నాయి. రొయ్య చచ్చిన గడియ నుంచే ఐసు కోసం చూస్తుంది. అది ఆలస్యమైతే తల దగ్గర మొదలుపెట్టి నల్లబడుతుంది. క్వాలిటీ వాళ్లు ట్రేలు తిరగేసి చూసి, లోడు మొత్తం వెనక్కి కొట్టారు. చెరువు రైతులు ఊరుకుంటారా?

"మా రొయ్య మీ బండెక్కేదాకా బతికేవుందండీ," అన్నాడు అంకమ్మరావు, హంసలదీవి దారిలో చెరువులున్న రైతు. "చచ్చింది మీ ఐసు."

ఫ్యాక్టరీ యజమాని శోభనాద్రి గారు ఆ సాయంత్రం మీటింగు పెట్టారు. మీటింగంటే ఆయన మాట్లాడటం, మిగతావాళ్లు ఏసీ చల్లదనం అనుభవించడం.

"ఇన్నేళ్లుగా ఐసుకి అబ్బులొక్కడేనా మనకి దిక్కు? రెండోవాడు ఉండక్కర్లేదా? ఈపాటి బుద్ధి ఎవరికీ లేదా?"

రెండోవాడు ఉండేవాడు. ఇద్దరి దగ్గర కొంటే రేటు కొట్టలేకపోతున్నాం, మొత్తం ఒక్కడికే ఇస్తే దిమ్మకింత తగ్గిస్తాడు అని ఆ రెండోవాణ్ణి మాన్పించింది శోభనాద్రి గారే. అప్పుడు దాన్ని పొదుపన్నారు. ఆ సంగతి గదిలో ఆయనకు తప్ప అందరికీ గుర్తుంది. అందరూ ఏసీ వైపు చూశారు.

"వినీలా, నువ్వు ఎంబీఏ కదమ్మా," అన్నారాయన. "ఇలాంటిది ఇంకెక్కడెక్కడ తగలడిందో ఒక మ్యాపు గీసుకురా. ఇంకోసారి ఐసు లేదని లోడు పాడైందంటే, నీ బదులు ఇంకెవరన్నా గీస్తారు."

వినీల పర్చేజు మేనేజరు. నాన్న బందరులో చర్చి స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి లోను ఆవిడ జీతం మీదే నడుస్తోంది. కాబట్టి మ్యాపు గీసింది.

ఫ్యాక్టరీ స్టోరు గోడకి పెద్ద చార్టు అంటించి, మధ్యలో ఐసు దిమ్మ బొమ్మ వేసింది. ఫీల్డు చూసే భానుప్రకాష్ పక్కన నిలబడి స్కెచ్చి పెన్నులు అందించాడు.

"ముందు మేత రాయాలి కదండీ మేడం? డబ్బంతా దానికే కదా రైతు పెట్టేది. మనకైతే అట్టపెట్టెలు, కరెంటు బిల్లు. ఐసుదేముంది, అన్నిటికంటే చవక."

"చవక కాబట్టే ఎవరూ చూళ్లేదు భానూ. ఎంతకి కొంటున్నామన్నది కాదు, అది లేకపోతే ఏం ఆగిపోతుందన్నది చూడాలి. పెట్టె లేకపోతే వారం ఆగగలం, గోడౌన్లో స్టాకుంది. ఐసు లేకపోతే ఎంతసేపు ఆగగలం?"

"చెరువులో పట్టుబడి మొదలై రొయ్య ఒడ్డుకొస్తే ఒక పూట. అదీ ఎండాకాలం కాకపోతే."

"అబ్బులు గారి కంప్రెసర్ బాగవ్వాలంటే?"

"క్రాంక్ షాఫ్టు బయట నుంచి రావాలంట. మూడు వారాలంటున్నాడు. అబ్బులు గారి మూడు వారాలంటే మనం ఐదనుకోవాలి."

వినీల ఒక పక్కన 'మూడు వారాలు' అనీ, ఇంకో పక్కన 'ఒక పూట' అనీ రాసి, మధ్యలో ఎర్రగీత గీసింది. "ఈ రెంటికీ మధ్య ఖాళీ ఉంది చూడు. మన ఉద్యోగాలు అందులో ఉన్నాయి."

ఆ తర్వాత బొమ్మ పెరిగింది. ఐసుకి ఏం కావాలి? మంచినీళ్లు కావాలి, ఎగుమతి సరుక్కి వాడే ఐసు తాగేనీళ్లతోనే చెయ్యాలి కాబట్టి నీళ్లకి ల్యాబు పరీక్ష కావాలి. ఉప్పునీటి తొట్టి కావాలి. ఆ తొట్టిని చల్లబరచడానికి అమ్మోనియా, అమ్మోనియాని తిప్పడానికి కంప్రెసర్, కంప్రెసర్‌కి కరెంటు, ఆ కరెంటు ఏ సబ్ స్టేషన్ నుంచి వస్తోందో అది, చెడిపోతే బాగుచేసే మెకానిక్, తెచ్చే వ్యాను, వ్యాను దాటే వంతెన. ఒక్కొక్క దాని పక్కన 'ఇది ఆగితే బదులెవరు' అని రాసుకుంటూ పోతే, చాలాచోట్ల బదులు 'ఎవరూ లేరు' అయింది.

ఐసుకి ఇంకో ప్లాంటు దొరకడం కష్టం కాలేదు. ఏ బదులైతే నిజంగా బదులో తేల్చడం కష్టమైంది. అవనిగడ్డలో ఇంకో ప్లాంటుంది. దగ్గర. కానీ దానికీ అబ్బులు గారికీ మెకానిక్ ఒకడే, అమ్మోనియా తెచ్చే డీలరు ఒకడే. తుఫానొస్తే ఇద్దరికీ ఒకేసారి కరెంటు పోతుంది.

"అంటే రెండు గొడుగులు కొని రెండూ ఒకే ఇంట్లో మర్చిపోయినట్టు," అన్నాడు భానుప్రకాష్.

గిలకలదిండి హార్బరులో సుబ్బాయమ్మ గారి ప్లాంటుంది. పెద్దది. కానీ వేట సీజనులో బోట్లకే చాలదు, బయటివాళ్లకి ఒక్క దిమ్మ కూడా ఇవ్వదు. చార్టు మీద ఆవిడ పేరు పక్కన వినీల ఎర్ర చుక్క పెట్టింది.

చివరికి ముదినేపల్లి తేలింది. అక్కడ చేపల చెరువుల వాళ్లకి ఐసు వేసే జేమ్స్ గారి ప్లాంటు. వేరే సబ్ స్టేషను, వేరే డీలరు, వేరే మెకానిక్. సముద్రానికి దూరం. అదే అందులో మంచి, అదే చెడ్డా. గుడివాడ మీదుగా బందరొచ్చి, వంతెన దాటి కోడూరు చేరేసరికి దిమ్మలో కొంత దారిలోనే కారిపోతుంది. ఊక కప్పినా సరే. దగ్గరివాడితో కలిసి మునగాలి, దూరపువాడితో కలిసి కరగాలి. వినీల కరగడానికే సిద్ధపడింది.

నీళ్ల పరీక్ష, దిమ్మలు కట్టే తుప్పు డబ్బాలు మార్పించడం, కాగితాలు, అన్నీ అయ్యేసరికి అబ్బులు గారి కంప్రెసర్ బాగై కూర్చుంది. అప్పుడు వాటాలు తేల్చింది. నూటికి డెబ్బై అబ్బులు గారికి, ముప్పై జేమ్స్ గారికి.

అబ్బులు గారు ఫ్యాక్టరీకి వచ్చి, కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడాడు.

"రెండో కాపురం పెట్టారని విన్నానమ్మా."

"అలా కాదండీ అబ్బులు గారూ. మీకు ఇబ్బందైనప్పుడు..."

"మాకు ఇబ్బందులేమున్నయ్యమ్మా. మా డబ్బాలన్నీ నిండినా, సగమే నిండినా, తిరిగే మీటరు ఒకటే. ముప్పై మీరు తగ్గించారు, కరెంటోళ్లు తగ్గించరు కదా. అందుకని దిమ్మకి రేటు కొంచెం పెంచుకుంటన్నా. పెంచుకోమని మీరే చెప్పినట్టు."

జేమ్స్ గారు మర్యాదస్తుడు. నవ్వుతూ చెప్పాడు. "వేసంకాలం మా చేపల వాళ్లకి ఐసు చాలదండీ. వాళ్లు నాకు ఏడాది పొడుగూ అన్నం పెడతారు. మీరు నూటికి ముప్పై ఇస్తున్నారు. నా ప్రేమ కూడా నూటికి ముప్పయ్యే ఉంటదండీ. తప్పుగా అనుకోబాకండి."

వినీల ఈ రెండు మాటలూ శోభనాద్రి గారికి చేరవేసింది. ఇద్దర్ని పెట్టుకుంటే రేటు పెరుగుతుంది, ఇద్దరికీ మనం సగం చుట్టాలమే అవుతాం, అది ఆగకుండా ఉండటానికి కట్టే ఖరీదు అని చెప్పింది.

"ఖరీదేమిటమ్మా, ఇద్దరుంటే పోటీ కదా, రేటు పడాలి గానీ," అన్నారాయన. "ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టు. ఒకడి ముందు ఇంకొకణ్ణి అడుగు. ఎవడు దిగుతాడో చూద్దాం. ఊరికే పిలిస్తే రారు. భోజనం పెట్టు."

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లు ఎవరైనా ఆ చివరి మాట దగ్గర ఆగాలి. వినీల కూడా ఇక్కడే పుట్టింది. కానీ ఎంబీఏ చదివింది.

గుడివాడలో ఒక మెస్సు మేడ మీద ఏసీ గది మాట్లాడారు. ఇద్దరికీ మధ్య దూరం కాబట్టి అదైతే సమంగా ఉంటుందని. శోభనాద్రి గారు మధ్యలో, అటు అబ్బులు గారు, ఇటు జేమ్స్ గారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మంచినీళ్లు తాగారు.

"చెప్పండి, ఎవరు తగ్గుతారు?" అన్నారు శోభనాద్రి గారు.

ఎవరూ తగ్గలేదు. భోజనాలొచ్చాయి. భోజనం ముందు అబ్బులు గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా జేమ్స్ గారు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"మీరు ఏ సంఘమండీ?" అన్నాడు అబ్బులు గారు.

జేమ్స్ గారు చెప్పాడు. ఇద్దరిదీ ఒకటే మిషను. ఆ తర్వాత పప్పు వచ్చేసరికి పాస్టర్లు కలిశారు, చేపల పులుసు వచ్చేసరికి జేమ్స్ గారి మేనత్తని ఇచ్చిన ఊరు అబ్బులు గారి తాతగారి ఊరని తేలింది, పెరుగు దగ్గర మాట పిల్లల మీదకి వెళ్లింది.

"మా బాబీ ఇంజనీరింగు చేశాడండీ. ప్లాంటు వాడే చూసుకుంటన్నాడు," అన్నాడు అబ్బులు గారు.

"మా బ్లెస్సీ బీఎస్సీ నర్సింగు. గుడివాడలోనే," అన్నాడు జేమ్స్ గారు.

"రేటు సంగతి..." అన్నారు శోభనాద్రి గారు.

"అదేవుందిలెండి, తర్వాత మాట్లాడుకుందాం," అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో. వినీల రేటు రాసుకుందామని తెరిచిన పెన్ను మూసేసింది.

మెట్లు దిగుతుంటే భానుప్రకాష్ మెల్లగా అన్నాడు. "మేడం, మనం వచ్చింది రేటు మాట్లాడటానికా, పెళ్లిచూపులకా?"

ఈస్టరు అయ్యాక పెళ్లి కార్డు వచ్చింది. బంగారు అక్షరాల మీద 'వివాహము అన్ని విషయములలో ఘనమైనది' అన్న వాక్యం, దాని కింద వధువు తండ్రి, వరుడి తండ్రి, ఇద్దరి ఐసు ప్లాంట్ల పేర్లూ. మే నెలలో, కోడూరు చర్చిలో పెళ్లి, ప్లాంటు ఆవరణలోనే విందు. కార్డుతో పాటు అదే కవర్లో కొత్త రేట్ల కాగితాలు కూడా ఉన్నాయి. రెండు లెటర్ హెడ్డులు, రెండు సంతకాలు, ఒకటే అంకె.

శోభనాద్రి గారు ఆ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, అంకెల మీద వేలు పెట్టి చూసుకున్నారు. స్టాఫుకి ఏసీ ఇంకా చల్లగా అనిపించింది.

"మనకి ఇద్దరు సప్లయర్లున్నారు కదమ్మా," అన్నారు చివరికి.

"ఉన్నారండీ. భార్యాభర్తల్లాగ."

వినీల వెళ్లి చార్టు ముందు నిలబడింది. కరెంటుకి గడి ఉంది, వంతెనకి గడి ఉంది, అమ్మోనియా డీలరుకి కూడా ఉంది. చుట్టరికానికి గడి లేదు. అబ్బులు గారికీ జేమ్స్ గారికీ మధ్య పచ్చగీత గీసింది. మరుసటి వారం ఇంకో గీత పడింది. జేమ్స్ గారు తన దగ్గరున్న స్పేర్ కంప్రెసర్‌ని కాబోయే అల్లుడి చేతికిచ్చాడట, 'రెండూ మనవే కదా, ఎక్కడుంటే ఏం' అని. దాంతోపాటు ముదినేపల్లి మెకానిక్‌ని మాన్పించి కోడూరు మెకానిక్‌నే రెండింటికీ పెట్టారు, ఖర్చు కలిసొస్తుందని. నెలలు కష్టపడి విడివిడిగా ఏరుకున్న కొమ్మలన్నీ ఒక్క విందు భోజనంతో ఒక చెట్టయిపోయాయి.

"పెళ్లిరోజు ఐసు సంగతేంటండీ?" అని ఫోన్లో అడిగింది అబ్బులు గారిని.

"ఆ ఒక్కరోజేగా అమ్మా. తొట్టి చల్లగానే ఉంటది, దిమ్మలు డబ్బాల్లోనే ఉంటయి. బయటకి తీసి బండెక్కించే మనుషులే ఉండరు. అందరూ పెళ్లిలో ఉంటారు. అటువైపు ప్లాంటు మనుషులు కూడా ఇక్కడికే వస్తన్నారు. వ్యాన్లు చుట్టాల కోసం మాట్లాడేశాం."

"రెండు ప్లాంట్లూ ఒకేరోజు ఆగితే ఎలాగండీ?"

"రెండు పెళ్లిళ్లు కాదు కదమ్మా, ఒకటే."

శోభనాద్రి గారి దగ్గర ఉపాయం ఉంది. "ఆరోజు పట్టుబడి పెట్టకండి. అయిపోయింది. మ్యాపులూ గీపులూ ఎందుకు?"

మాట సబబుగానే ఉంది. పట్టుబడులన్నీ ముందుకీ వెనక్కీ జరిపారు. అయితే మేలో ఎండలు కాసేసరికి చెరువుల్లో తెల్లమచ్చ రోగం మొదలైందని భానుప్రకాష్ రోజూ చెప్తూనే ఉన్నాడు. రోగం కనపడిన చెరువు మరునాటి దాకా ఆగదు. పట్టుకుంటే రొయ్యలు, ఆగితే ఎరువు. రోగానికి పెళ్లి కార్డు ఎవరూ పంపలేదు.

వినీల గిలకలదిండి వెళ్లింది.

హార్బరులో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. వేట నిషేధం రోజులు, రెండు నెలలు బోటేదీ సముద్రంలోకి వెళ్లకూడదు. వలలు బాగుచేసుకునే మగవాళ్లు చూరు నీడన కూర్చుని ఆవిడ వైపు ఆసక్తిగా చూశారు. సుబ్బాయమ్మ గారు ప్లాంటు అరుగు మీద కూర్చుని ఎండురొయ్యలు ఏరుతోంది. ప్లాంటు నిశ్శబ్దంగా ఉంది.

"సీజన్లో వచ్చి ఒక్క దిమ్మ ఇమ్మంటే పొమ్మన్నానని కోపం లేదా నా మీద?" అంది ముసలావిడ.

"ఉందండీ. ఎర్ర చుక్క పెట్టుకున్నాను. కానీ మీకు బోట్లు లేనప్పుడే మాకు మా వాళ్లు లేరు." చెప్తుండగానే వినీలకి తన తప్పు అర్థమైంది. ఎవరిస్తారు, ఎవరివ్వరు అని గీసింది గానీ, ఎవరు ఎప్పుడు దొరకరు అన్నది గీయలేదు. సుబ్బాయమ్మ గారు పనికిరానిది పది నెలలే. ఆ పది నెలలూ చూసి పన్నెండు నెలలకీ చుక్క పెట్టేసింది.

"తొట్టి వేడెక్కిపోయింది తల్లీ. మళ్లీ చల్లబడి దిమ్మ కట్టాలంటే ముందు నుంచే తిప్పాలి. తిప్పితే మొత్తం తిప్పాలి. నీకు కావల్సినన్ని నాలుగు డబ్బాలే తిప్పమంటే కుదరదు. తొట్టెడూ నువ్వే తీసుకోవాల. నీ రొయ్యలు రాకపోయినా తీసుకోవాల."

"నీళ్లు?"

"మునిసిపాలిటీ నీళ్లు. పరీక్ష కాయితం ఉంది, బోట్లోళ్లు ఎగుమతి సరుకు తెస్తారు మరి."

"తీసుకుంటానండీ." ఒక్క క్షణం ఆగి, "మీకు పిల్లలెంతమంది?" అంది వినీల.

సుబ్బాయమ్మ గారు ఎండురొయ్యల చాట పక్కన పెట్టింది. "ఇద్దరు కొడుకులు. ఇద్దరికీ పెళ్లిళ్లయినయ్. ఏం తల్లీ, సంబంధం తెచ్చావా?"

"లేదండీ. పెళ్లిళ్లయ్యాయంటే సంతోషంగా ఉంది."

"మనవరాలుంది. తేజస్విని. డిగ్రీ చదువుతోంది."

"దానికి తొందరపడకండి," అంది వినీల.

శోభనాద్రి గారికి చెప్పక తప్పదు. చెప్పింది. ఆయన కళ్లజోడు తీశారు.

"పట్టుబడి పెట్టొద్దన్న రోజుకి తొట్టెడు ఐసు కొంటావా? నీ ఇష్టం. ఆరోజు పట్టుబడి లేకపోతే ఆ దిమ్మలన్నీ మీ ఇంటికి పంపిస్తా. వాటితో పాటు నిన్ను కూడా."

పెళ్లిరోజు పొద్దున్న వినీల పట్టుచీర కట్టుకుని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. గిలకలదిండిలో తొట్టెడు ఐసు. ఎక్కడా రొయ్య లేదు. ఏ రైతుకీ కష్టం రాకూడదని దేవుణ్ణి ప్రార్థించాలి, వస్తే గానీ ఉద్యోగం నిలవదు. ఏమని ప్రార్థించాలో తెలియక ఊరుకుంది. వాళ్ల అమ్మ రాజమ్మ గారు మాత్రం ఇంట్లో దిమ్మలు పెట్టుకోవడానికి చోటెక్కడుందా అని చూస్తున్నట్టు వసారాలో అటూ ఇటూ తిరిగింది.

ఎండ ఎక్కకముందే భానుప్రకాష్ ఫోన్. "మేడం, అంకమ్మరావు గారి పెద్ద చెరువు. రొయ్యలు గట్టుకొస్తున్నయ్. ఇప్పుడే వల దించుతానంటున్నాడు. ఆగమంటే బూతులు తిడతన్నాడు."

"దించమను. ఐసు బయల్దేరుతోంది."

సుబ్బాయమ్మ గారి కొడుకులిద్దరూ, పనిలేని బోటు కళాసీలూ కలిసి దిమ్మలెక్కించారు. వేట ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మనుషులకి ఆ పని పండగలా ఉంది. మూడు వ్యాన్లు ఊక కప్పుకుని వంతెన దాటాయి. ముందు వ్యానులో డ్రైవరు పక్కన పట్టుచీరతో వినీల.

ఒక్కటే చిక్కు. హంసలదీవి దారికి వెళ్లాలంటే కోడూరు సెంటరు దాటాలి. కోడూరు సెంటర్లో పెళ్లి ఊరేగింపు ఉంది. బ్యాండు మేళం, ముందు కారులో బాబీ, బ్లెస్సీ. వెనక పెళ్లివారి వ్యాన్లు. ఆ వ్యాన్ల మీద 'ఐసు' అని రాసి ఉంది, లోపల చుట్టాలున్నారు. ఎదురుగా ఆగిన వ్యాన్ల మీద 'తాజా చేపలు' అని రాసి ఉంది, లోపల ఐసుంది.

అబ్బులు గారు సూటు వేసుకుని, చెమటలు కక్కుతూ వచ్చి వ్యాను కిటికీలోకి తొంగిచూశాడు.

"పెళ్లికి వచ్చావామ్మా. సంతోషం. ఇదేంటి ఇంత ఐసు తెచ్చావు? కూల్ డ్రింకులకి మా దగ్గరుందిగా."

"పెళ్లికి కాదండీ. అంకమ్మరావు గారి చెరువుకి."

అబ్బులు గారి ముఖంలో బాధ, లెక్క, రెండూ ఒకేసారి కనిపించాయి. లెక్కే గెలిచింది. "ఎవరి ఐసమ్మా అది?"

"దారివ్వండి మావయ్య గారూ. కరుగుతోంది."

మావయ్య గారూ అనగానే ఆయన కరిగాడు. బ్యాండువాళ్లని పక్కకి లాగి, తనే చెయ్యెత్తి వ్యాన్లని దాటించాడు. రెండో వ్యాను దాటుతుండగా ఊక పక్కకి తొలగించి దిమ్మని గోరుతో గీకి చూశాడు. గట్టిదేనని ఒప్పుకున్నట్టు తల ఊపాడు.

చెరువు గట్టు మీద దిమ్మల్ని క్రషర్లో వేసి పొడి చేశారు. వలలో నుంచి రొయ్య నేరుగా ఐసు నీళ్ల తొట్టిలోకి, అక్కడ నుంచి ట్రేలోకి, మళ్లీ పైన ఐసు. తొట్టెడు ఐసులో కొంత వంతెన మీద పోయింది, కొంత బ్యాండు మేళానికి పోయింది, మిగిలింది లోడుకి సరిగ్గా సరిపోకపోయినా సరిపెట్టారు. వినీల పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని ట్రేలు లెక్కచూసింది. అంకమ్మరావు తిట్లు ఆపి తనే ట్రేలు అందించాడు. అది చెరువుల దగ్గర సర్టిఫికెట్టు కింద లెక్క.

ఫ్యాక్టరీలో క్వాలిటీ వాళ్లు ట్రేలు తిరగేశారు. తలలు శుభ్రంగా ఉన్నాయి. లోడు లోపలికి వెళ్లింది.

మరునాడు మీటింగు.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అన్నారు శోభనాద్రి గారు. "ఇద్దరు కాదు, ముగ్గురుండాలని." అందరూ ఏసీ వైపు చూశారు. "ఆ సుబ్బాయమ్మ గారిని నిషేధం రోజులకి ఖాయం చెయ్యి. తొట్టి వేడెక్కనివ్వకు."

"వాడుకున్నా వాడుకోకపోయినా ఖర్చు పడుతుందండీ. అవనిగడ్డ ప్లాంటుకి కూడా కొంచెం వాటా ఇవ్వాలి. వేటకాలంలో ఈవిడ ఉండదు, అబ్బులు గారూ జేమ్స్ గారూ ఇప్పుడు ఒకే ఇల్లు, ఆగితే ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. తుఫానుకీ, మెకానిక్ దొరకనప్పుడూ మాత్రం అవనిగడ్డ పనికిరాదు, దానికి విడిగా ఆలోచించాలి. ఏదీ పూర్తిగా పనికిరాదండీ. ఒకటి పోయినప్పుడు ఇంకొకటి అదే కారణంతో పోకుండా చూసుకోవడమే."

"సరే, సరే. పడితే పడనీ." ఆయన ఉదారంగా చెయ్యూపారు. ఉదారంగా ఉన్నప్పుడే ఆయనకి ఆలోచనలు వస్తాయి. "ఒక పని చెయ్యమ్మా. ఇంత సాయం చేశారు కదా. అబ్బులు గారు, జేమ్స్ గారు, సుబ్బాయమ్మ గారు, ఆ అవనిగడ్డాయన, అందర్నీ కుటుంబాలతో సహా ఒకసారి పిలుద్దాం. గుడివాడలో అదే మెస్సు. ఆ చేపల పులుసు బాగుంది."

గదిలో ఎవరూ ఏసీ వైపు చూడలేదు. అందరూ వినీల వైపు చూశారు.

"భోజనం పెడదామండీ," అంది వినీల. "క్యారియర్లు కట్టించి పంపిస్తాను. ఎవరింటికి వాళ్లకి. వేర్వేరు రోజుల్లో."

బయటికి వచ్చి చార్టు దగ్గర కొత్త గడి గీస్తుంటే ఫోన్ మోగింది. అబ్బులు గారు. పెళ్లి అలసటతో గొంతు బొంగురుపోయింది గానీ హుషారుగానే ఉన్నాడు.

"అమ్మా, ఆ హార్బరు ఐసు గట్టిగా ఉంది. మా వియ్యంకుడు గారు కూడా మెచ్చుకున్నారు. ఆవిడతో ఒకసారి కలిసి కూర్చుంటే బాగుంటదంటన్నారు. నెంబరుంటే ఇస్తావా?"

"వినపడటం లేదండీ మావయ్య గారూ," అంది వినీల, సుబ్బాయమ్మ గారి పేరు పక్కన పచ్చ చుక్క పెడుతూ. "ఇక్కడ సిగ్నల్ లేదు."